నెట్ రావట్లేదని ఓనరుకి రాయకండి

అద్దెకుండేవాళ్లు చేసే ఫిర్యాదుల్లో ఓనరు ఇట్టే తప్పించుకోగలిగేది నెట్ గురించిన ఫిర్యాదు. కుళాయి కారుతోందంటే నీళ్లు కనబడతాయి, స్లాబు చెమ్మెక్కిందంటే మరక కనబడుతుంది. "నెట్ రావట్లేదండీ" అంటే మాత్రం అవతలివాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "కనెక్షన్ ఇచ్చినవాడికి ఫోన్ చేయండి." అందులో తప్పు పట్టడానికీ లేదు. నెలనెలా డబ్బు తీసుకునేది వాడే కదా.

అపార్ట్‌మెంటులో రంగులో, ఫాల్స్ సీలింగో, ఏదో ఒక పని జరిగాక గోడలో నెట్ పాయింటు చచ్చిపోతే మాత్రం సంగతి వేరు. అప్పుడు పాడైంది కనెక్షన్ కాదు, ఇంటి వైరింగు. ఆ తేడాని ఓనరుకి ఒక్క కాగితంలో చూపించగలిగితే పని అవుతుంది. చూపించలేకపోతే నెలల తరబడి ఫోన్లే మిగులుతాయి. ఆ కాగితం ఎలా రాయాలో ఒక కేసు దగ్గర పెట్టుకుని చూద్దాం.

హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో భార్యాభర్తలు అద్దెకుంటున్నారు. భార్యకి వారంలో రెండు రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని. ఓనరు రిటైరై రాజమండ్రిలో ఉంటున్నారు. బిల్డరు కట్టినప్పుడే ప్రతి అంతస్తులో లిఫ్టు పక్కనున్న షాఫ్ట్ నుంచి ఒక్కో ఫ్లాట్‌కి రెండేసి లాన్ వైర్లు లాగి పెట్టాడు, ఒకటి హాల్లోకి, ఒకటి పడగ్గదిలోకి. నెట్ కంపెనీ తన స్విచ్చి షాఫ్ట్‌లో పెట్టుకుని అక్కడి నుంచి ఆ వైరుకే కనెక్షన్ ఇస్తుంది. వీళ్లు 200 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని రూటర్ని పడగ్గది పాయింటుకి తగిలించుకున్నారు. ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

అసోసియేషన్ వాళ్లు కారిడార్లకి కొత్తగా జిప్సమ్ సీలింగ్ వేయించారు, గోడలకి లప్పం పెట్టించి రంగులు కొట్టించారు. మూడో అంతస్తు పని పూర్తయిన సాయంత్రం పడగ్గది పాయింటు పోయింది. నెట్ కంపెనీ కుర్రాడు వచ్చి, షాఫ్ట్ దాకా సిగ్నల్ బాగానే ఉందని చూపించి, కనెక్షన్‌ని హాలు వైరుకి మార్చి, "లోపలి వైరింగ్ మాది కాదు మేడమ్" అనేసి వెళ్లిపోయాడు. హాల్లో నెట్ వచ్చింది, ఇదివరకటి వేగం మాత్రం లేదు.

ఆవిడ ఓనరుకి వాట్సాప్‌లో పెట్టిన మొదటి మెసేజి ఇది: "అంకుల్, పెయింటింగ్ వర్క్ తర్వాత బెడ్‌రూంలో నెట్ రావట్లేదు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్, చాలా ప్రాబ్లమ్ అవుతోంది. కొంచెం చూడరా ప్లీజ్." ఆయన అడిగారు: "హాల్లో వస్తోందా అమ్మా?" "వస్తోంది అంకుల్, కానీ స్లోగా ఉంది." "అయితే వాళ్లకి కంప్లయింట్ పెట్టమ్మా."

ఆయన మంచివారే. మెసేజిలో ఆయన చేయగలిగిన పని ఒక్కటీ లేదు, అంతే. రాజమండ్రిలో కూచుని నెట్‌ని ఎలా చూస్తారు?

ఉత్తరానికి కూచునే ముందు ఆ వైరు దారిని నాలుగు ముక్కలుగా చూడాలి. వీధిలోంచి షాఫ్ట్‌లోని స్విచ్చి దాకా నెట్ కంపెనీది. షాఫ్ట్, కారిడార్ సీలింగ్ పైభాగం అందరి ఉమ్మడి చోటు, కాబట్టి అక్కడ జరిగే పనికి అసోసియేషన్ బాధ్యత. ఆ చోటు మీదుగా ఫ్లాట్‌లోకి వచ్చి గోడలోని పాయింటు దాకా వెళ్లే వైరు ఓనరుది, ఫ్లాట్‌తోపాటు ఆయన కొనుక్కున్నదే. పాయింటు నుంచి ఇవతల ఉన్న రూటరు, ప్యాచ్ కార్డు, లాప్‌టాప్ మీవి. చెడిపోయింది ఏ ముక్కో తెలియకుండా ఉత్తరం రాస్తే ఎవరికి రాయాలో కూడా తెలియనట్టే. ఈ కేసులో ఓనరు వైరు అసోసియేషన్ చోట్లో దెబ్బతింది. అద్దెకున్నవాళ్లు అసోసియేషన్‌లో సభ్యులు కారు, సభ్యత్వం ఫ్లాట్ ఓనర్లది. సెక్రటరీ మిమ్మల్ని చూసి నవ్వుతూ పలకరించవచ్చు గానీ కాంట్రాక్టర్ని నిలదీయాలంటే ఓనరు మాట కావాలి. అందుకే ఉత్తరం ఓనరుకి, అదీ ఆయన ఒక్క అక్షరం మార్చకుండా సెక్రటరీకి ఫార్వర్డ్ చేయగలిగేలా.

ఇక పరీక్ష. ముందు మీ ముక్కని లెక్కలోంచి తీసేయాలి. రూటరు నుంచి పాయింటుకి వెళ్లే ప్యాచ్ కార్డు మార్చి చూడండి. రూటర్ని పక్కన పెట్టి లాప్‌టాప్‌నే నేరుగా పాయింటుకి తగిలించి, దాని లాన్ పోర్టు దగ్గర లైటు వెలుగుతుందో లేదో చూడండి. తర్వాత షాఫ్ట్ తలుపు తీయించి మీ వైరు అవతలి కొస స్విచ్చికి గుచ్చే ఉందా అని చూడాలి. రంగులవాళ్లు అడ్డొచ్చిన వైర్లన్నీ పీకేసి పని అయ్యాక తోచిన రంధ్రంలో పెట్టేయడం మామూలే. అలాంటిదానికి ఓనరుకి ఉత్తరం రాస్తే తర్వాత మీరు ఏం చెప్పినా ఆయన నమ్మరు.

పాయింటు మూత కూడా ఒకసారి విప్పండి. లాన్ వైరులో షాకు కొట్టేంత కరెంటు ఉండదు. కానీ అదే ప్లేటులో ప్లగ్గు పాయింటు కూడా ఉంటే ముందు ఎంసీబీ దించేయాలి. లోపల చూడాల్సినవి రెండు. సాకెట్టు నోట్లో బంగారు రంగులో మెరిసే ఎనిమిది సన్నటి పిన్నులుంటాయి, వాటి మీద లప్పం పొడి తెల్లగా పేరుకుందేమో చూడండి. పొడి ఉంటే పొడి బ్రష్‌తో దులిపితే చాలు, నీళ్లూ నూనే వద్దు. రెండోది, సాకెట్టు వెనక గాట్లలో కూర్చోబెట్టిన ఎనిమిది రంగుల తీగల్లో ఏదైనా ఊడిందేమో చూడాలి. ఊడితే పంచింగ్ టూల్ ఉన్న లాన్ టెక్నీషియన్ కొద్ది నిమిషాల్లో మళ్లీ కూర్చోబెడతాడు. ఇక్కడ దొరికిన తప్పుకి ఓనరుదాకా వెళ్లనక్కర్లేదు.

ఇవన్నీ బాగుంటే లాన్ టెస్టరు కావాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో రెండు మూడు వందలకి దొరుకుతుంది, నెట్ కంపెనీ కుర్రాడి సంచిలోనూ ఉంటుంది. అది రెండు ముక్కలు. ఒకటి షాఫ్ట్‌లోని కొసకి, రెండోది గదిలో పాయింటుకి తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. వెలగని అంకె దగ్గర తీగ తెగినట్టు.

వీళ్ల పడగ్గది వైరుకి తగిలిస్తే ఒక్క లైటూ వెలగలేదు. రెండు కొసలూ మళ్లీ బిగించి చూసినా అంతే, అంటే వైరు మధ్యలోనే పూర్తిగా తెగింది. అసలు ఆధారం దొరికింది హాలు వైరు దగ్గర. అక్కడ ఆరు లైట్లు వెలిగాయి. నాలుగూ ఐదూ వెలగలేదు. ఆ రెండూ నీలం జత, నీలం తీగా తెలుపు నీలం తీగా. లాన్ వైరులో నాలుగు జతలుంటాయి. 1 జీబీపీఎస్ వేగానికి నాలుగూ కావాలి. 100కి మాత్రం రెండు జతలు చాలు, 1, 2, 3, 6 అంకెలవి. అందుకని మిగతా జతల్లో ఒకటి తెగినా చాలా పరికరాలు చడీచప్పుడూ లేకుండా 100కి దిగిపోయి పని చేస్తూనే ఉంటాయి. స్పీడ్ టెస్టు పెడితే 94, 95 దగ్గర ఆగిపోతుంది, ఎన్నిసార్లు చూసినా అంతే. సర్వరు బిజీ అయినప్పుడు అంకె పడిలేస్తుంటుంది. ఒకే అంకె దగ్గర గోడ కట్టినట్టు ఆగిందంటే వైరుని అనుమానించాలి. విండోస్ లాప్‌టాప్‌ని పాయింటుకి తగిలించి పవర్‌షెల్‌లో ఇది కొడితే ఆ సంగతి రాతపూర్వకంగానే దొరుకుతుంది:

```
Get-NetAdapter
```

వచ్చే పట్టికలో `LinkSpeed` కింద మామూలుగా `1 Gbps` అని ఉండాలి. వీళ్లకి `100 Mbps` అని వచ్చింది. ఆవిడ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారు.

ఒక వైరు తెగితే పాతబడి పోయిందనుకోవచ్చు, ఎలుక కొరికిందనుకోవచ్చు. వేర్వేరు గదులకి వెళ్లే రెండు వైర్లు ఒకే రోజు దెబ్బతిన్నాయి. ఆ రెండూ పక్కపక్కనే నడిచేది షాఫ్ట్ నుంచి గుమ్మం దాకా, కారిడార్ సీలింగ్ పైన మాత్రమే. ఆ సీలింగ్ పని ఆ రోజే జరిగింది. ఇంతకన్నా గట్టి రుజువు ఓనరుకి అక్కర్లేదు, కాంట్రాక్టరు కూడా దీన్ని కాదనలేడు. "హాల్లో వస్తోంది కదా" అన్న మాటకి జవాబూ ఇందులోనే ఉంది.

ఉత్తరంలో ఒక పదం దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. "సాకెట్ పాడైంది" అని రాయకండి. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్టు రెండో షెడ్యూలులో ఏ రిపేరు ఎవరిదో పంచి పెట్టారు. స్విచ్చిలు, సాకెట్ల రిపేర్లు అద్దెకున్నవాళ్ల జాబితాలో ఉన్నాయి. ఇంటి లోపలి, బయటి ఎలక్ట్రికల్ వైరింగు ఓనరు జాబితాలో ఉంది. అది నమూనా చట్టం, రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నచోటే చెల్లుతుంది. అందులో లాన్ వైరు ప్రస్తావన కూడా లేదు. అయినా ఓనర్ల లెక్క ఎక్కడైనా దాదాపు ఇలాగే నడుస్తుంది: చేతికందేది మీది, గోడలో ఉన్నది మాది. చాలా అగ్రిమెంట్లలో చిన్న రిపేర్లు కిరాయిదారువే అని ఒక వాక్యం ఉండనే ఉంటుంది. సాకెట్ అన్నారంటే మీరే దాన్ని చిన్న రిపేరు చేసినట్టు. టెస్టరు చెప్పింది వైరు తెగిందని. అదే రాయండి.

ఇంకో చట్టం సంగతి తెలిసి ఉండటం మంచిది, ఉత్తరంలో పెట్టక్కర్లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఒక వీలుంది. ఓనరు చేయించి తీరాల్సిన రిపేరుని, నోటీసు ఇచ్చాక తగినంత సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది గానీ, ఓనరు "చేయించి తీరాల్సిన" రిపేరు ఏదో ఎక్కువగా మీ అగ్రిమెంటే తేలుస్తుంది. అగ్రిమెంటులో వేరేలా రాసుకుంటే ఆ మాటే చెల్లుతుంది. అందువల్ల ఈ సెక్షన్ పట్టుకుని మీ అంతట మీరే అద్దె కోసేయకండి. దాని నుంచి తీసుకోవాల్సింది ఒకటే. నోటీసు అన్నదానికి తేదీ ఉండాలి, అది చేరినట్టు ఆనవాలు ఉండాలి. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు.

ఆ దంపతులు రెండోసారి పంపిన ఉత్తరం ఇది. పీడీఎఫ్‌గా చేసి వాట్సాప్‌లోనూ, ఈమెయిల్లోనూ పంపారు.

తేదీ: 9 మార్చి 2025

విషయం: ఫ్లాట్ 304కి వచ్చే రెండు లాన్ వైర్లు కారిడార్ సీలింగ్ పనిలో తెగిన సంగతి, అసోసియేషన్ ద్వారా మార్పించవలసిందిగా వినతి

అంకుల్ గారికి నమస్కారాలు. మీరూ ఆంటీ గారూ క్షేమమని తలుస్తాను.

మన అంతస్తులో కారిడార్ సీలింగ్ పని మార్చి 5, బుధవారం జరిగింది. 4వ తేదీ రాత్రి దాకా మన పడగ్గది గోడలోని నెట్ పాయింటు బాగానే పనిచేసింది. 5వ తేదీ సాయంత్రం నుంచి పనిచేయడం లేదు. నెట్ కంపెనీ మనిషి వచ్చి చూసి, షాఫ్ట్ దాకా తమ సిగ్నల్ సరిగ్గానే ఉందని, అక్కడి నుంచి ఫ్లాట్‌లోకి వచ్చే వైరు తమది కాదని చెప్పారు.

8వ తేదీన లాన్ టెక్నీషియన్‌ని పిలిచి టెస్టరుతో చూపించాం. పడగ్గదికి వచ్చే వైరు పూర్తిగా తెగింది. హాల్లోకి వచ్చే వైరులో ఎనిమిది తీగలకి రెండు తెగాయి, అందువల్ల అక్కడ నెట్ వస్తున్నా 200కి బదులు 94 దగ్గర ఆగిపోతోంది. రెండు వైపులా కొసలు మళ్లీ బిగించి చూసినా మార్పు లేదు. ఈ రెండు వైర్లూ కలిసి వచ్చేది షాఫ్ట్ నుంచి మన గుమ్మం దాకా, కొత్త సీలింగ్ పైన. ఫోటోలు, స్క్రీన్‌షాట్ జతచేశాను. టెక్నీషియన్‌కి ఇచ్చిన డబ్బు మేమే పెట్టుకున్నాం.

మీరు చేయవలసింది ఒక్కటే అంకుల్. దయచేసి ఈ ఉత్తరాన్ని సెక్రటరీ గారికి పంపి, సీలింగ్ కాంట్రాక్టరు చేత షాఫ్ట్ నుంచి ఫ్లాట్ దాకా రెండు వైర్లూ కొత్తవి వేయించమని చెప్పండి. కాంట్రాక్టరు ఇంకా నాలుగు, ఐదు అంతస్తుల పనిలో ఉన్నాడు, ఫైనల్ బిల్లు ఇంకా ఇవ్వలేదని వాచ్‌మన్ చెప్పాడు. ఆ బిల్లు ఇచ్చేలోపు, అంటే 20వ తేదీలోగా అయితే మీకు ఖర్చు లేకుండా అయిపోతుందని నా ఆశ.

ఒకవేళ వాళ్లు ఒప్పుకోకపోతే, మీరు సరేనంటే మేమే చేయిస్తాం. ముందు కొటేషన్ మీకు పంపి, మీరు ఒప్పుకున్నాకే పని మొదలుపెడతాం. ఆ మొత్తాన్ని తర్వాతి నెల అద్దెలో సర్దుకుందాం. మీ మాట లేకుండా అద్దెలో ఏమీ తగ్గించం.

సోమవారం, శుక్రవారం రోజంతా ఇంట్లోనే ఉంటాను. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత ఎవరొచ్చినా తలుపు తీస్తాం.

ఇట్లు,
ఫ్లాట్ 304లో ఉంటున్న మీ కిరాయిదారు

ఉత్తరం చదివితే మెత్తగానే ఉంది, కానీ ఎక్కడా జారిపోవడానికి చోటు లేదు. 4వ తేదీ దాకా బాగుంది, 5న పోయింది అన్న వాక్యమే దాని వెన్నెముక. చాలామంది "ఈ మధ్య నుంచి", "కొద్ది రోజులుగా" అని రాస్తారు. ఆ మాట చాలు, కాంట్రాక్టరు "అది మేం రాకముందు నుంచే పాడై ఉంటుంది" అనడానికి. మీకు తేదీ గుర్తులేకపోతే వాడకం చూపించే దాఖలా వెతకండి. నెట్ కంపెనీ యాప్‌లో రోజువారీ డేటా లెక్క ఉండవచ్చు, కంప్లయింట్ నంబరుతో వచ్చిన ఎస్సెమ్మెస్‌లో తేదీ తప్పకుండా ఉంటుంది.

ఆఫీసు పని పాడవుతోందని ఒక్క మాట లేదు చూశారా? నిజమే, పాడవుతోంది. కానీ ఆ మాట రాస్తే విషయం మీ ఇబ్బంది అవుతుంది. రాయకపోతే ఆయన ఆస్తిలో తెగిన వైరుగానే ఉంటుంది. ఆయన ఫ్లాట్‌కి ఆయనే వాదించుకోవడం సులువు, మీ ఉద్యోగం కోసం సెక్రటరీతో తగాదా పడమంటే ఎవరికైనా కష్టమే. అలాగే నెట్ బిల్లు వెనక్కి ఇమ్మనీ, అద్దె తగ్గించమనీ మొదటి ఉత్తరంలో అడగకూడదు. అడిగితే ఓనరు వైరు సంగతి వదిలేసి డబ్బు సంగతే మాట్లాడతారు.

ఫైనల్ బిల్లు వాక్యం దగ్గర కొంచెం ఆగాలి. అపార్ట్‌మెంటు పనుల్లో కాంట్రాక్టరు మాట వినేది డబ్బు బాకీ ఉన్నంతవరకే. ఆఖరి చెక్కు తీసుకున్నాక ఫోన్ ఎత్తడు, ఎత్తినా "మా వాళ్లు ఊళ్లో లేరు సార్" అంటాడు. సెక్రటరీ ఆ బాధ ఎన్నోసార్లు పడే ఉంటాడు కాబట్టి ఈ వాక్యం చూడగానే ఆయనకి సంగతి బోధపడుతుంది. గడువు మీరు పెట్టినట్టు కాకుండా పరిస్థితే పెట్టినట్టు కనబడుతుంది. పని అయిపోయి కాంట్రాక్టరు వెళ్లిపోయి ఉంటే ఈ వాక్యం తీసేసి, రెండు వారాల తర్వాతి తేదీ ఒకటి వేయండి.

కొందరు ఇలాంటి చోట లాయరు నోటీసు భాష ఎత్తుకుంటారు. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టి సెక్షన్లు వరుసపెడతారు. నిన్నటిదాకా అంకుల్ అని పిలిచిన మనిషికి అది చెంపదెబ్బలా తగులుతుంది. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉంటున్నవాళ్లు రెన్యువల్ కూడా గుర్తుపెట్టుకోవాలి. సంబంధం ఎలా ఉంటే పిలుపు అలా ఉండాలి. ఓనరు కింద ఇంట్లోనే ఉండే పెద్దావిడ అయితే "ఆంటీ గారికి" అని మొదలుపెట్టినా ఏమీ పోదు, తేదీలూ టెస్టరు లెక్కా ఉంటే చాలు. ముఖపరిచయం లేని ఎన్నారై ఓనరైతే "గారు" చాలు, యోగక్షేమాల వాక్యం తీసేయండి. వ్యవహారం చూసుకునే బావమరిదో, బ్రోకరో ఉంటే కాపీ వాళ్లకీ పంపండి, కానీ సంబోధన మాత్రం ఓనరుకే.

ఓనరు చదివి ఊరుకుంటే గడువు రోజున అదే ఈమెయిలుకి జవాబుగా రెండు వాక్యాలు రాయండి: ఫలానా తేదీన పంపిన ఉత్తరం ఇది, ఇంకా పని జరగలేదు, కాంట్రాక్టరు ఎప్పుడొస్తాడో చెప్పగలరా. కొత్త ఉత్తరం మొదలుపెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ కేసులో ఓనరు ఆ రాత్రే సెక్రటరీకి పంపారు, కాంట్రాక్టరు ఎలక్ట్రీషియన్‌ని పంపాడు. లిఫ్టు దగ్గర సీలింగ్‌లో ఒక పలక విప్పితే సంగతి బయటపడింది. సీలింగ్‌ని మోసే ఇనప చానెల్‌ని గోడకి బిగించిన స్క్రూ ఒకటి పడగ్గది వైరులోంచి దూసుకుపోయింది, దాని పక్కనున్న హాలు వైరుని చానెల్ అంచు కోసింది. ఎలక్ట్రీషియన్ సంచిలోంచి కటింగ్ ప్లయరూ నల్ల టేపూ తీసి, "పది నిమిషాలు మేడమ్, జాయింట్ వేసేస్తా" అన్నాడు.

అక్కడ ఒప్పుకోకూడదు. ఫ్యాను వైరుకి పనికొచ్చే జాయింటు లాన్ వైరుకి పనికిరాదు. దాని జతలు పురి వేసి ఉండేది ఒక జత సందడి ఇంకో జతలోకి పోకుండా. పురి విప్పే మేర అర అంగుళం దాటకూడదు. చేత్తో మెలేసి టేపు చుట్టిన జాయింటులో అంతకు ఎన్నో రెట్లు విప్పుతారు. పైగా మామూలు టెస్టరు తీగ కలిసిందా లేదా అన్నదే చెబుతుంది, ఎంత బాగా కలిసిందో చెప్పదు. అందుకని ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, సంతకం పెట్టించుకుని అతను వెళ్లిపోతాడు, ఆఫీసు కాల్ మధ్యలో లింకు పడిపోవడం మొదలవుతుంది. ఆ జాయింటు మళ్లీ సీలింగ్ పైనే మూతపడి ఉంటుంది.

కొత్త వైరు లాగడం అనుకున్నంత పెద్ద పని కాదు. పాత వైరు కొసకి కొత్త వైరు కట్టి అవతల నుంచి లాగితే అదే పైపులోంచి వచ్చేస్తుంది. పైపు నలిగిపోయి లాగుడు పడకపోతేనే గోడ కొట్టడమో, గోడ కింది అంచు వెంట పట్టీలో వైరు నడపడమో చేయాలి, దానికి ఓనరు అనుమతి మళ్లీ రాతలో తీసుకోవాలి. వీళ్లకి పాత వైరు తెగినచోట రెండు ముక్కలైంది కాబట్టి సీలింగ్ విప్పిన చోటు నుంచి ఒక్కో వైపుకి విడిగా లాగి, అక్కడ జాయింటు లేకుండా ఒకే వైరుగా షాఫ్ట్‌కి చేర్చారు. వైరు తెచ్చేటప్పుడు క్యాట్ 6, పూర్తి రాగిది అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక రకం సీసీఏ పేరుతో అమ్ముతారు, దాని తీగలు పెళుసు, పంచ్ చేసేచోట విరుగుతాయి.

సీలింగ్ పలక మళ్లీ బిగించే ముందే రెండు పాయింట్లనీ పరీక్షించాలి. టెస్టరులో ఎనిమిది లైట్లు వరసగా రావాలి, లాప్‌టాప్‌లో `LinkSpeed` దగ్గర `1 Gbps` రావాలి, స్పీడ్ టెస్టు ప్లాను అంకెకి దగ్గరగా రావాలి. మూడూ చూసుకున్నాక తెరిచి ఉన్న సీలింగ్ ఫోటో ఒకటి తీసి, రెండు కొసలకీ "304 హాలు", "304 పడగ్గది" అని చీటీలు అంటించి, అప్పుడు పలక వేయమనండి. ఆ ఫోటోతో ఓనరుకి పని అయిందని ఒక మెసేజి పెట్టండి.

ఈ దంపతుల అగ్రిమెంటు జూన్‌లో రెన్యువలైంది. చివరి పేజీలో ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజరు ఉన్న ఫిట్టింగుల జాబితాకి ఆవిడ ఇంకో వరస చేర్పించారు: "పనిచేయుచున్న లాన్ పాయింట్లు రెండు, హాలు మరియు పడకగది." ఓనరు చదివి, నవ్వి, సంతకం పెట్టారు.